నాన్నగారి డెబిట్ కార్డుకీ యూపీఐకీ రోజుకి ఎంత లిమిట్ పెట్టాలి?

ఆమదాలవలస_రవి | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రిటైర్డ్ టీచరు, పెన్షన్ ఖాతా ఆమదాలవలసలోనే. గురువారం రాత్రి ఆ ఖాతాలోంచి 1,47,996 రూపాయలు పోయాయి. ఎలా పోయాయో మాకు అర్థమైంది కాబట్టి ముందు అది చెప్తాను.

ఆ రోజు సాయంత్రం నాన్నగారికి వాట్సాప్‌లో ఒక పెళ్లి శుభలేఖ వచ్చింది. తెరిస్తే ఫొటో రాలేదు, ఏదో యాప్ ఇన్‌స్టాల్ అయింది. కాసేపటికి కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదని ఫోన్ వస్తే, వాళ్లు పంపిన ఫారంలో పదమూడు రూపాయలు కట్టడానికి కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఇచ్చేశారు. పదింటికి పడుకున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఆ యాప్ మెసేజ్‌లు చదివేసిందని తర్వాత తెలిసింది.

స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.
11:41 – 24,999
11:44 – 24,999
11:49 – 24,000
12:03 – 24,999
12:05 – 24,999
12:08 – 24,000

అన్నీ ఆన్‌లైన్ కార్డు పేమెంట్లే. ఉదయం ఆరున్నరకి చూసి వెంటనే కార్డు బ్లాక్ చేయించి, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేశాను. 31,000 ఎక్కడో ఆపగలిగారట. మిగతాది ఇంకా తెలియదు.

ఇకముందు ఇలా జరగకుండా లిమిట్లు పెట్టాలనుకుంటున్నాను. కార్డుకి ఎంత, యూపీఐకి ఎంత పెట్టాలి? ఫోన్‌పేలో పెడితే సరిపోతుందా, బ్యాంకులో పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

గంటస్తంభం_కిరాణా | 9:31

అయ్యో, చాలా బాధగా ఉంది రవిగారూ. మాది విజయనగరం. యూపీఐకి ప్రభుత్వమే రోజుకి లక్ష అని లిమిట్ పెట్టింది, దానికి మీరు చేయాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఒక్కో యాప్‌కీ ఒక్కో లక్ష కాబట్టి, నాన్నగారి ఫోన్‌లో ఒక్క యాప్ ఉంచి మిగతావి తీసేయండి. ఆ యాప్ సెట్టింగుల్లో లిమిట్ తగ్గించేస్తే సరిపోతుంది.

చీపురుపల్లి_పద్మ | 9:48

మా అమ్మకీ ఇలాగే జరిగిందండీ. ఊళ్లో కస్టమర్ పాయింట్‌కి వెళ్లి వేలిముద్ర వేస్తే, మొదటిసారి పడలేదని రెండోసారి వేయించాడు. రెండుసార్లూ పదివేలు చొప్పున పోయాయి, చేతికి మాత్రం ఒక్క పదివేలే వచ్చాయి. కాబట్టి కార్డుకి లిమిట్ పెట్టినా ఏమీ ఆగదని నా ఉద్దేశం.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 10:20

రవి బాబూ, నేను విజయనగరంలో బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఒక్కొక్కటీ చెప్తాను, తొందరపడకుండా చదవండి.

మీరు రాసిన టైములు ఒకసారి చూడండి. మూడు లావాదేవీలు పన్నెండుకి ముందు, మూడు తర్వాత. మొదటి మూడూ కలిపితే 73,998, తర్వాతి మూడూ కలిపినా 73,998. నాన్నగారి కార్డుకి ఆన్‌లైన్ లిమిట్ రోజుకి 75,000 అయి ఉండాలి. అర్ధరాత్రి దాటగానే తేదీ మారింది, కొత్త రోజు లిమిట్ తెరుచుకుంది. ఇరవై ఏడు నిమిషాల్లో రెండు రోజుల సొమ్ము తీసుకున్నారు. పడుకునే వేళ చూసి ఈ సమయానికే మొదలుపెట్టడం వాళ్లకి అలవాటు. అందుకే రోజుకి ఎంత అని లెక్క వేసేటప్పుడు, పోగలిగే సొమ్ము దానికి రెట్టింపని అనుకోవాలి.

ఇంకో మాట. నాన్నగారి సేవింగ్స్‌లో అంత డబ్బు ఉందా?

ఆమదాలవలస_రవి | 10:34

మాస్టారూ, అదే మాకూ ఆశ్చర్యం. సేవింగ్స్‌లో ఉన్నది 38,000. మిగతా రెండు లక్షలూ ఎఫ్‌డీలో ఉన్నాయి. బ్యాంకులో అడిగితే అది ఖాతాకి కలిపిన ఎఫ్‌డీ అని, డబ్బు తగ్గితే తనంతట తానే విరిగి వస్తుందని చెప్పారు. యాప్‌లో చూస్తే లిమిట్ మీరన్నట్టే 75,000 ఉంది.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 10:58

అదీ విషయం. దాన్నే ఆటో స్వీప్ అంటారు. వడ్డీ బాగా వస్తుందని పెన్షనర్లకి మేమే చేసేవాళ్లం, మంచిదే. కానీ అది ఉన్నప్పుడు "ఖాతాలో ముప్పైవేలే ఉన్నాయి కదా, పోతే అంతే" అనే ధైర్యం పనికిరాదు. దొంగకి కనిపించేది సేవింగ్స్ బ్యాలెన్స్ కాదు, వెనకున్న ఎఫ్‌డీతో కలిపి మొత్తం. అలాంటి ఖాతాకి గట్టు వేసేది లిమిట్ ఒక్కటే.

ఇప్పుడు కిరాణా బాబుకి. లక్ష సాధారణ పరిమితి, ఆ మాట నిజమే. అది పెట్టింది ప్రభుత్వం కాదు, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ. ఆసుపత్రి, కాలేజీ ఫీజు, పన్ను లాంటి కొన్నిటికి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఒక్కో యాప్‌కీ ఒక్కో లక్ష అన్నది మాత్రం సరికాదు. ఖాతా ఒక్కటే అయితే ఎన్ని యాప్‌లలోంచి పంపినా లెక్క ఆ ఖాతాకే పడుతుంది. రెండు బ్యాంకుల్లో రెండు ఖాతాలుంటే రెండు లెక్కలు.

లిమిట్‌ని యాప్‌లో కాకుండా బ్యాంకు దగ్గర తగ్గించమనడానికి కారణమూ అదే. మీ ఫోన్‌లోని యాప్‌లో తగ్గించారనుకోండి, దొంగ వేరే యాప్‌లో మీ ఖాతాను నమోదు చేస్తే ఆ తగ్గింపు అక్కడ ఉండదు. బ్యాంకు సొంత యాప్‌లోగాని నెట్ బ్యాంకింగ్‌లోగాని యూపీఐ లిమిట్ అని ఉంటే అక్కడ తగ్గించండి. అది ఖాతాకే తగులుకుంటుంది, ఏ యాప్ నుంచి వచ్చినా ఆగుతుంది. అన్ని బ్యాంకులూ ఈ సౌకర్యం ఇవ్వవు. లేకపోతే బ్రాంచిలో కాగితం రాసి అడగండి, లేదా ఖాతాకి యూపీఐ మొత్తం ఆపేయడం కుదురుతుందేమో చూడండి.

కార్డు సంగతి వేరు. 2020 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఏటీఎం, షాపులో స్వైపు, ఆన్‌లైన్, కార్డు తాకించి కట్టడం, విదేశీ వాడకం, వీటిలో దేన్నయినా మీరు ఆన్ చేసుకోవచ్చు, ఆఫ్ చేసుకోవచ్చు, విడివిడిగా లిమిట్ పెట్టుకోవచ్చు. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఆ వీలు బ్యాంకు ఇవ్వాలి. కొత్త కార్డు వచ్చేసరికి ఆన్‌లైన్ ఆఫ్‌లోనే ఉంటుంది. మరి నాన్నగారిది ఎవరు ఆన్ చేశారు?

ఆమదాలవలస_రవి | 11:15

నేనేనండీ. పోయినేడాది తిరుపతి ట్రైన్ టికెట్లకి నాన్నగారి కార్డు వాడాను. అప్పుడు ఆన్ చేసి మళ్లీ ఆపలేదు. నాలుగు రోజులుగా అదే గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు.

నాగావళి_లక్ష్మి | 11:27

రవిగారూ, మీరు అలా అనుకోకండి. టికెట్ తీయడానికి ఆన్ చేసిన కొడుకుది కాదు తప్పు, దోచుకున్నవాళ్లది. నాన్నగారి ముందు మాత్రం ఆ మాట పదేపదే తేవద్దు. ఆయన మనసులో ఇంకెంత నలుగుతున్నారో.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | మంగళవారం ఉదయం 6:40

లక్ష్మమ్మగారు బాగా చెప్పారు.

ఎంత పెట్టాలని అడిగారు కదా. అందరికీ సరిపోయే అంకె ఒకటి ఉండదు. నాన్నగారి పాస్‌బుక్ ఆరు నెలలది ముందు పెట్టుకోండి. ఏటీఎంలో ఒక్క రోజులో ఎక్కువగా తీసింది ఎంత, షాపులో కార్డు గీకింది ఎంత, యూపీఐలో ఒక్క రోజు మొత్తం ఎక్కువగా ఎంత వెళ్లింది, మూడూ విడిగా రాయండి. ఆ అంకె మీద కాస్త ఎక్కువ పెట్టండి. అది రాసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.

పద్మమ్మా, మీ అమ్మగారి విషయం వేరే దారిలో జరిగింది. వేలిముద్ర పెట్టి తీసేది ఆధార్ దారి. దానికి కార్డు లిమిట్ గాని యూపీఐ లిమిట్ గాని అడ్డురాదు, ఆ మాట మీరన్నది నిజమే. దానికి చేయాల్సింది ఆధార్ యాప్‌లోగాని వెబ్‌సైటులోగాని బయోమెట్రిక్ లాక్ చేయడం. అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మూసేయాలి. మళ్లీ వేయించినప్పుడు మొదటిది పడలేదన్న రసీదు అడిగి తీసుకోమని అమ్మకి చెప్పండి.

చీపురుపల్లి_పద్మ | 7:05

రసీదు అడగాలని మాకు తెలియలేదండీ. అమ్మ పెన్షన్ ఆ పాయింట్‌లోనే తీసుకుంటుంది, లాక్ చేస్తే ప్రతి నెలా ఎవరు తెరుస్తారు? నేను హైదరాబాదులో ఉంటాను. ఓటీపీ అమ్మ ఫోన్‌కే వస్తుంది. దీనికి దారి ఇంకా దొరకలేదు.

ఆమదాలవలస_రవి | 1:20

పాస్‌బుక్ చూశాను మాస్టారూ. ఏటీఎం: ఒకటో తేదీన పదివేలు, నెలకి ఒక్కసారే. షాపులో కార్డు: మందుల దుకాణంలో ఎక్కువగా 3,140. యూపీఐ: ఒక రోజు గ్యాసు, కూరలు, రీచార్జి అన్నీ కలిపి 2,870, అదే అన్నిటికంటే ఎక్కువ. ఆన్‌లైన్ కార్డు వాడకం నేను తీసిన టికెట్లు తప్ప సున్నా.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 2:10

అయితే లెక్క తేలిక. ఏటీఎం పదివేలు. షాపు ఐదువేలు. ఆన్‌లైన్ ఆఫ్. విదేశీ ఆఫ్. కార్డు తాకించి కట్టేది కూడా ఆఫ్ చేయండి, దానికి ఐదువేల వరకు పిన్ అడగకపోవచ్చు. యూపీఐ ఐదువేలు.

ఈ అంకెలతో ఒక రోజులో అన్ని దారులూ కలిపి 20,000. అర్ధరాత్రికి అటూ ఇటూ అయితే 40,000. అందులోనూ ఏటీఎం, షాపు రెండిటికీ కార్డు చేతిలో ఉండాలి, పిన్ తెలియాలి. గురువారం జరిగినట్టు ఎక్కడో కూర్చుని చేసేవాడికి మిగిలేది యూపీఐ ఒక్కటే, అంటే రెండు రోజులకి పదివేలు. 1,47,996 ఎక్కడ, పదివేలు ఎక్కడ.

యూపీఐలో ఇంకో అడ్డు ఇప్పటికే ఉంది. కొత్తగా యూపీఐ నమోదు చేస్తే మొదటి 24 గంటలు ఐదువేలు దాటనివ్వరు. గురువారం వాళ్లు యూపీఐ జోలికి వెళ్లకుండా కార్డు దారి పట్టింది అందుకేనేమో, చెప్పలేను.

నెట్ బ్యాంకింగ్ నాన్నగారు వాడతారా? వాడకపోతే దాన్నీ ఆపించండి. దాని లిమిట్ కార్డుకీ యూపీఐకీ సంబంధం లేనిది, చాలామంది దాన్ని మరిచిపోతారు.

గంటస్తంభం_కిరాణా | 2:45

మాస్టారూ, నా మాట తప్పయితే క్షమించండి, ఇప్పుడు అర్థమైంది. కానీ తక్కువ లిమిట్ వల్ల నాకు పెద్ద ఇబ్బంది జరిగింది, అది కూడా చెప్పాలి. మా బామ్మర్దికి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే విశాఖ తీసుకెళ్లాం. ఆసుపత్రి కౌంటర్‌లో నలభైవేలు కట్టమన్నారు. నేను బ్యాంకులో యూపీఐ పదివేలకి తగ్గించి ఉన్నాను. పేమెంట్ ఫెయిల్. బ్యాలెన్స్ లేదేమో అని మూడుసార్లు నొక్కాను. చివరికి తెలిసినవాళ్లకి ఫోన్ చేసి వేయించాను. ఆ టెన్షన్‌లో లిమిట్ సంగతే గుర్తు రాలేదు.

టెక్కలి_సుధీర్ | 3:02

అన్నా, ఫెయిల్ అయినప్పుడు కింద చిన్న అక్షరాల్లో కోడ్ ఉంటుంది, అది చూడాలి. `Z9` అని ఉంటే ఖాతాలో డబ్బు లేదని. `Z8` అని ఉంటే లిమిట్ దాటిందని. `Z7` అయితే రోజుకి ఇన్నిసార్లే అన్న లెక్క అయిపోయిందని. నేను పేమెంట్ కంపెనీలో సపోర్టులో చేశాను. కొన్ని యాప్‌లు కోడ్ చూపించవు, మాటల్లో రాస్తాయి, "లిమిట్" అనే మాట ఉందేమో చదవాలి. మళ్లీ మళ్లీ నొక్కితే ఏమీ మారదు.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 3:30

కిరాణా బాబు చెప్పింది చిన్న విషయం కాదు. లిమిట్ తగ్గించుకున్నవాళ్లలో చాలామంది ఇలాంటి ఒక్క రాత్రి చూసి మళ్లీ పూర్తిగా పెంచేస్తారు. అందుకే లిమిట్ పెట్టిన రోజే పెంచడం కూడా ఒకసారి చేసి చూడండి. ఎంత సేపట్లో పెరుగుతుంది, ఏం అడుగుతుంది, అన్నీ తెలుస్తాయి. వెంటనే పెరిగే బ్యాంకులున్నాయి, కాస్త ఆగమనేవీ ఉన్నాయి. రవి ఇంట్లో నాన్నగారికి తక్కువ పెట్టి, అత్యవసరానికి రవి ఖాతాలో ఎక్కువ ఉంచుకోవడం మేలు.

పలాస_జీడి | 4:15

నాదో అనుమానం. ఓటీపీలు చదివేసే యాప్ ఫోన్‌లో కూర్చుంటే, వాడే లిమిట్ పెంచేసుకోడా? అప్పుడు ఇదంతా దేనికి?

టెక్కలి_సుధీర్ | 4:28

మంచి ప్రశ్న. ఓటీపీ ఒక్కటీ చాలదు. బ్యాంకు యాప్ పిన్ గాని నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ గాని కావాలి. రవిగారి నాన్నగారు ఇచ్చింది కార్డు వివరాలే, అవి ఇవ్వలేదు కాబట్టి 75,000 దగ్గర వాళ్లు ఆగిపోయారు. ఎఫ్‌డీలో ఇంకా 90,000 పైన మిగిలింది చూడండి, పెంచగలిగితే వదిలేవాళ్లు కాదు. అదే స్క్రీన్ షేర్ యాప్ పెట్టించి, వాళ్లు చెప్తుంటే మనమే పిన్ కొడితే మాత్రం లిమిట్ మనచేతే పెంచిస్తారు. అలాంటి కేసులు నేను చాలా విన్నాను.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 4:50

అందుకే పెద్దవాళ్ల ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంచకపోవడమే మంచిదని నా అభిప్రాయం. యూపీఐ యాప్ మాత్రం ఉంచి, లిమిట్ మార్చాలంటే బ్రాంచికి గాని ఏటీఎంకి గాని వెళ్లేలా పెడితే, ఫోన్‌లో ఎవరు ఎంత కంగారు పెట్టినా పెంచడానికి ఆ గంట సేపు కావాలి. ఆ గంటలో ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు.

నాగావళి_లక్ష్మి | 5:20

నేను దీనికి ఒప్పుకోలేకపోతున్నాను మాస్టారూ. మావారు పోయాక నా డబ్బు నేనే చూసుకుంటున్నాను, వయసు అరవై ఆరు. బ్యాంకు యాప్ నా ఫోన్‌లో లేకపోతే అర్ధరాత్రి ఏదైనా మెసేజ్ వస్తే కార్డు ఎలా ఆపుతాను? బ్రాంచి తెరిచేదాకా కూర్చోవాలా? నేను యాప్ ఉంచుకున్నాను, ఆన్‌లైన్ ఆఫ్ చేసుకున్నాను, లిమిట్ నాలుగువేలు పెట్టుకున్నాను. పెద్దవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి.

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 5:41

మీరన్నది సబబే అమ్మా. ఆపడానికి టోల్ ఫ్రీ నంబరు ఉంది గాని, యాప్‌లో ఆపినంత త్వరగా కాదు. వాడేవాళ్లని బట్టి ఉంటుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పలాస_జీడి | 6:10

యూపీఐ లైట్ గురించి ఎవరూ చెప్పలేదు. పిన్ లేకుండా పోతుంది కదా, శ్రీకాకుళం బస్టాండులో ఫోన్ పోతే?

టెక్కలి_సుధీర్ | 6:22

అందులో ఉన్నంతే పోతుంది. గరిష్ఠంగా ఐదువేలు ఉంచుకోవచ్చు, ఒక్కసారికి వెయ్యి. నేను ఐదువందలే ఉంచుతాను. తగ్గినప్పుడు తనే నింపుకునే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది ఆఫ్ చేయండి. ఫోన్‌కి లాక్ కూడా ఉండాలి.

ఆమదాలవలస_రవి | బుధవారం రాత్రి 8:55

చేసింది చెప్తాను. ముందు నాన్నగారి ఫోన్‌ని పూర్తిగా రీసెట్ చేయించాను, ఆ యాప్ ఉండగా ఏం పెట్టినా లాభం లేదని సుధీర్ గారు మెసేజ్ చేశారు. కొత్త కార్డు వచ్చింది, ఆన్‌లైన్ ఆఫ్‌లోనే వచ్చింది. మాస్టారు చెప్పిన అంకెలే పెట్టాను. మా బ్యాంకు యాప్‌లో యూపీఐ లిమిట్ దొరకడానికి అరగంట పట్టింది, కార్డుల దగ్గర వెతికాను, అది యూపీఐ పేజీలో లోపల ఉంది.

తర్వాత పరీక్ష చేశాం. కొత్త కార్డుతో ఆన్‌లైన్‌లో రూ. 199 రీచార్జికి ప్రయత్నిస్తే ఓటీపీ రాకముందే తిరస్కరించింది. నాన్నగారి యూపీఐ నుంచి నాకు ఆరువేలు పంపమంటే వెళ్లలేదు, రెండువేలు వెళ్లాయి. ఆయనే కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు నొక్కి చూశారు. ఈ వారంలో ఆయన ఫోన్ చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

ఎఫ్‌డీ కూడా ఖాతా నుంచి విడదీసి మామూలు ఎఫ్‌డీ చేయించాను.

మిగిలింది పోయిన డబ్బు. ఓటీపీ పడింది కాబట్టి కస్టమర్ నిర్లక్ష్యమే అని బ్యాంకులో నోటిమాటగా అన్నారు. ఓటీపీ ఆయన ఇవ్వలేదు, యాప్ దొంగిలించింది. దీనికి ఏం చేయాలి?

క్యాష్‌కౌంటర్_32ఏళ్లు | 9:30

నోటిమాట వద్దు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం కస్టమర్ తప్పు ఉందని నిరూపించాల్సింది బ్యాంకే. మీరు మర్నాడు ఉదయమే చెప్పారు, అది మీకు బలం. కార్డు వివరాలు ఆయనే ఇచ్చారన్నది వాళ్లకి బలం. ఓటీపీని యాప్ దొంగిలిస్తే అది ఎవరి తప్పు కిందకి వస్తుందో ఆ సర్క్యులర్‌లో సూటిగా లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా `cms.rbi.org.in`లో అంబుడ్స్‌మన్‌కి వేయండి. ఎటు తేలుతుందో నేను మాట ఇవ్వలేను.

నాగావళి_లక్ష్మి | 9:44

రవిగారూ, ఫిర్యాదులో ఆ ఆరు టైములూ అలాగే రాయండి. పన్నెండుకి అటు మూడు, ఇటు మూడు అని విడిగా కనిపించేలా. నిద్రపోతున్న మనిషి ఓటీపీలు కొట్టలేడని అదే చెప్తుంది.

ఆమదాలవలస_రవి | 9:50

రాస్తానమ్మా. రేపు పదింటికి నాన్నగారిని తీసుకుని బ్రాంచికి వెళ్తున్నాను. ఏమన్నారో ఇక్కడే చెప్తాను.